‘పూర్ణమ్మ’ గేయం: విమర్శ నుంచి కవిత్వానికి

విశాఖపట్నం. బి.ఏ. ప్రత్యేక తెలుగు, ఆధునిక కవిత్వం. అంతర్గత పరీక్ష.

ప్రశ్న: గురజాడ అప్పారావు ‘పూర్ణమ్మ’ గేయం మీద తరగతిలో చెప్పుకున్న విమర్శ ఇది: “ఇది కన్యాశుల్కాన్ని ఖండించే కథాగేయం. ఇందులో కరుణ రసం ప్రధానం. ప్రకృతి వర్ణన మనోహరంగా ఉంది. రచన జానపద ఫణితిలో, అందరికీ అర్థమయ్యే భాషలో సాగింది. కవి ఎక్కడా ఉపన్యసించడు. ముగింపును కొందరు దైవసాయుజ్యంగానూ, మరికొందరు ఆత్మహత్యగానూ చదువుతారు.” ఈ విమర్శను భావచిత్రాలు, కవి స్వరం, నిర్మాణం, శిల్పసాధనాలు అనే నాలుగు అంశాలకు కుదించి, ప్రతి మాటకూ గేయం నుంచే ఆధారం చూపుతూ సమాధానం రాయండి.

సమాధానం:

పై విమర్శలోని మొదటి వాక్యం గేయం పుట్టిన కాలాన్ని గురించి చెబుతుంది. అది సత్యమే. 1897లో అచ్చయిన తన ‘కన్యాశుల్కం’ నాటకానికి ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ, అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో శుల్కం పుచ్చుకుని జరిపిన 1034 బ్రాహ్మణ వివాహాల లెక్కను పేర్కొన్నాడు. వాటిలో 99 మంది వధువుల వయసు అయిదేళ్లే. విజయనగరం కూడా ఆనాడు ఈ జిల్లాలోదే కాబట్టి, పూర్ణమ్మ పెళ్లి వంటివి మన ప్రాంతపు ఇళ్లలో నిజంగా జరిగాయని చెప్పడానికి సందేహించనవసరం లేదు. అయితే ఆ లెక్క పీఠికలో ఉంది, గేయంలో లేదు. గేయంలో ఉన్నది ఒక్క పిల్ల. దురాచార ఖండన అనే మాటను కవిత్వానికి అన్వయించాలంటే, ఆ ఖండనను గేయంలోని ఏ చిత్రం, ఏ పలుకు మోస్తున్నదో చూపాలి. నా దృష్టిలో ఆ పని చేస్తున్నది బంగారం.

గేయం మొదటి పాదంలోనే, “మేలిమి బంగరు మెలతల్లారా” అన్న పిలుపులో, బంగారం కనిపిస్తుంది. తరువాత కోవెలలోని అమ్మవారు బంగరు దుర్గ, పూజారి ఇంట పుట్టిన పిల్ల “పుత్తడి బొమ్మా పూర్ణమ్మ”. ఇంతవరకూ బంగారం మన ఇళ్లలో ఆడపిల్లను ముద్దు చేసే మాట. అమ్మమ్మలు “నా బంగారు తల్లి” అన్నప్పుడు అందులో ధర ఉండదు. కథ మధ్యకు వచ్చేసరికి కవి “కాసుకు లోనై తల్లీదండ్రీ నెనరూ న్యాయం విడనాడి” అంటాడు. కాసు వచ్చిన క్షణం నుంచి పుత్తడి బొమ్మ అనే పిలుపు మరోలా వినిపిస్తుంది. బొమ్మను కొనవచ్చు, అమ్మవచ్చు, చేతులు మార్చవచ్చు; పుత్తడికి తూకం ఉంటుంది. కవి పిలుపును మార్చలేదు, దానికి వ్యాఖ్యానమూ రాయలేదు. కన్నవారి ప్రేమ పలికిన మాటనే కన్నవారి బేరం వాడుకున్నదని పాఠకుడికి తనంతట తానే తోచేలా చేశాడు. కన్యాశుల్కం మీద ఈ గేయం చేసిన తీవ్రమైన విమర్శ ఇదేనని నేను భావిస్తున్నాను. కాసుల మాట ఒక్కసారే వచ్చినా, దాని నీడ ఆ తరువాత పుత్తడి అన్న ప్రతి చోటా పడుతుంది.

విమర్శ మనోహరమన్న ప్రకృతిని కూడా ఈ వెలుగులోనే చదవాలి. కొండల నడుమ కొలను, కొలను గట్టున కోవెల అనే దృశ్యం సింహాచలం కొండ, దాని దిగువన అడవివరం పుష్కరిణి చూసిన విశాఖవాసులకు కొత్తది కాదు. ఆ చోట పూర్ణమ్మ చేసే పని పూలు కోయడం. “ఏయే వేళల పూసే పువ్వుల ఆయా వేళల” దుర్గకు అందిస్తుందని కవి చెప్పాడు. పువ్వుకు వేళ ఉంది, పండుకు ఋతువు ఉంది, వేళ కాని వేళ కోయకూడదన్న వివేకం ఆ చిన్న పిల్లకు ఉంది. ఆమెను కన్నవారికి అది లేకపోయింది. పూలను, పళ్లను మించి ఆమె అందం నానాటికీ పెరిగిందని వర్ణించిన వెంటనే “ముదుసలి మొగుడుకు” ముడివేసిన పాదం వస్తుంది. ప్రకృతి వర్ణన ఇక్కడ అలంకారం కోసం రాలేదు. ప్రకృతి పాటించే కాలధర్మాన్ని మనుషులు మీరారన్న అభియోగానికి అది సాక్ష్యంగా నిలిచింది.

కరుణ రసం అన్న మాట సరైనదే గాని, గేయంలోని స్వరం మొత్తాన్ని అది పట్టివ్వదు. కథ చెప్పే గొంతు చాలా నెమ్మదైనది. ఆడపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని “విన్నారమ్మా” అని మొదలుపెట్టే పెద్దదిక్కు గొంతు అది. ఆ గొంతు తల్లిదండ్రులను తిట్టదు, ముదుసలిని వెక్కిరించదు. వెక్కిరింపు వచ్చేది తోటి పిల్లల నోట, “మొగుడు తాతయని కేలించ” అన్న చోట మాత్రమే. అది కూడా పూర్ణమ్మకే తగిలింది. కవి ఉపన్యసించడు అన్న విమర్శకు ఇదే ఆధారం. కోపం లేదని దీని అర్థం కాదు. “నెనరూ న్యాయం విడనాడి” అన్న మాట తీర్పే. కాని ఆ తీర్పు కథ నడకలో ఒక సమాపక క్రియ కూడా లేకుండా, వాక్యం మధ్యలో, తలెత్తకుండా వెళ్లిపోతుంది.

ఆ స్వరం ఒక్కచోట బెళుకుతుంది. అత్తవారింటికి పంపే ముందు పెద్దలకు మొక్కినప్పుడు, తల్లీతండ్రీ దీవిస్తుండగా, పూర్ణమ్మ ఆ “దీవన వింటూ ఫక్కున నవ్వెను”. అప్పగింతల వేళ పిల్ల ఏడవడం ఆచారం, పెద్దలు దీవించడం ఆచారం. పెద్దలు తమ ఆచారం పాటించారు, పిల్ల నవ్వింది. పెళ్లికూతురికి పెద్దలు ఇచ్చే దీవన సుమంగళిగా, పిల్లాపాపలతో నూరేళ్లు ఉండమనే. మొగుడు ఏ వయసువాడో తెలిసి ఆ దీవన వినడం ఎలా ఉంటుందో ఆ నవ్వు చెబుతుంది. గేయంలో కరుణ పరాకాష్ఠకు చేరిన చోట కన్నీరు లేదు, నవ్వు ఉంది. ఈ వైరుధ్యాన్ని పట్టుకోకుండా కరుణ రసం అని మాత్రం రాసి ఊరుకుంటే, విమర్శను తిరిగి అప్పగించినట్టవుతుంది గాని సమాధానం చెప్పినట్టు కాదు. ఆ తరువాత అన్నదమ్ములతో “నలుగురు కూర్చుని నవ్వే వేళల” తన పేరు ఒకసారి తలవమన్నప్పుడు ఆ నవ్వు మళ్లీ గుర్తుకు వస్తుంది. తాను ఉండబోని నవ్వుల గురించి ఆమె మాట్లాడుతోంది.

నిర్మాణం విషయంలో విమర్శ జానపద ఫణితి అన్న ఒక్క మాటతో సరిపెట్టింది. దానిని విడదీస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది నడక. నాలుగేసి మాత్రల గణాలతో గేయం సాగుతుంది: “కలువల / కన్నుల / కన్నెల్ / లారా” అన్నప్పుడు నాలుగు గణాలూ నిండుగా ఉంటాయి, “పుత్తడి / బొమ్మా / పూర్ణ(మ్) / మ” అన్నప్పుడు చివరి గణం కురచబడి, గొంతు ఆగుతుంది. నిండు పాదం వెంట కురచ పాదం రావడం వల్ల పాడేవారికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది, కవికి బరువైన మాటను నిలిపే చోటు దొరుకుతుంది. పూర్ణమ్మ పేరు తరచుగా పడేది ఆ కురచ పాదం చివరనే.

రెండవది వలయం. గేయం చివరి చరణం ఇది: “కన్నుల కాంతులు కలువల చేరెను, మేలిమి చేరెను మేని పసల్, హంసల చేరెను నడకల బెడగులు, దుర్గను చేరెను పూర్ణమ్మ.” మొదటి చరణంలో వింటున్న పిల్లలను కవి మేలిమి బంగరు మెలతలని, కలువల కన్నుల కన్నెలని పిలిచాడు. ఆ కలువలూ ఆ మేలిమీ చివర పూర్ణమ్మ కన్నులనూ మేనినీ తీసుకున్నాయి. వింటున్న పిల్లల కన్నులు, పోయిన పిల్ల కన్నులు ఒకే కలువలతో పోల్చబడ్డాయి గనుక, ఈ కథ మరొకరి కథ అని వినేవారు తప్పుకోలేరు. మధ్యలో కథ నేరుగా కాలక్రమంలోనే, బాల్యం, పెళ్లి, అప్పగింతలు, సాయంకాలం అన్న వరుసలో నడుస్తుంది. దాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు.

శిల్పసాధనాలలో సంబోధన, అనుప్రాస, పునరుక్తి ముఖ్యమైనవి. ముదుసలి, మొగుడు, ముడి అన్న మకారాల వరుస ఆ పెళ్లిని బిగించిన ముడిలాగే వినిపిస్తుంది. పునరుక్తి అంతకంటె లోతైన పని చేస్తుంది. “పుత్తడి బొమ్మా పూర్ణమ్మ” మకుటంలా తిరిగి తిరిగి వచ్చి ప్రతిసారీ కొంత అర్థం మార్చుకున్న సంగతి పైన చెప్పాను. చివరి చరణంలో చేరెను అన్న క్రియ నాలుగు పాదాలలోనూ వచ్చింది. చచ్చిపోయింది, మునిగిపోయింది అన్న మాటలు అక్కడ లేవు. విమర్శలోని రెండు చదువులకూ చోటు కల్పించినది ఆ ఒక్క క్రియే: భక్తులు దానిని అమ్మవారిలో కలిసిపోవడంగా తీసుకుంటారు, లోకం దానిని కొలనులో పడడంగా తీసుకుంటుంది.

ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను రెండవదానివైపే ఉంటాను. తోటి పిల్లలు గేలి చేసినప్పుడు పూర్ణమ్మ “దుర్గను చేరీ దుఃఖించె” అని కవి ముందే రాశాడు. అంటే దుర్గను చేరడం అన్నది ఆమెకు మొదట ఏడవడానికి మనుషుల దగ్గర చోటు లేక వెళ్లిన చోటు. అప్పగింతల నవ్వు, అన్నదమ్ములకు చెప్పిన చివరి మాటలు, “ఒంటిగ పోయెను పూర్ణమ్మ” అన్న పాదం, ఈ మూడూ ఆమె ముందే నిశ్చయించుకున్నదని చూపుతున్నాయి. దైవసాయుజ్యం అన్న చదువు ఆమె భక్తికి న్యాయం చేస్తుంది గాని, కాసు తీసుకున్నవారి బాధ్యతను తేలిక చేస్తుంది. గేయంలోని ఆధారాలు ఆ బాధ్యతను తేలిక చేయడానికి ఒప్పుకోవు.