అక్కా, నాన్నగారి గురించి

ఆఫీసులో చిన్నా పెద్దా అందరం అక్క అని పిలిచే మా పెన్షన్ సీటు అక్క తండ్రిగారు మొన్న ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశారు. ఆయన వయసు డెబ్బై తొమ్మిది. కొన్నాళ్లుగా గుండె జబ్బుతో బాధపడుతున్నారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటూ, అక్కకూ అమ్మగారికీ ఇంట్లో అందరికీ మా సెక్షన్ తరఫున ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాం.

అక్కా, పైన రాసింది అందరి తరఫున. ఇక నుంచి రాసేది మీ పక్క సీటువాడి మాటలు. తీరిక దొరికినప్పుడు చదవండి. జవాబు రాయాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

ముందుగా ఒక మాట వెనక్కి తీసుకోవాలి. ఆదివారం ఫోన్లో ఏం మాట్లాడాలో తోచక "పెద్ద వయసే కదక్కా, ఎక్కువ బాధపడకుండా వెళ్లిపోయారు" అనేశాను. మీరు "అవును" అన్నారు. ఫోను పెట్టేశాక గానీ ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో నాకు తెలియలేదు. నాన్న ఏ వయసులో పోయినా కూతురికి నాన్నే పోయినట్టు. మన్నించండి.

మన సీటు దగ్గరికి కుటుంబ పెన్షన్ కోసం వచ్చేవాళ్లను మీరెలా పలకరిస్తారో పదకొండేళ్లుగా చూస్తున్నాను. నేనైతే "పెన్షన్ నంబరు చెప్పండి, మరణ ధృవీకరణ పత్రం తెచ్చారా" అని మొదలుపెట్టేవాణ్ని. మీరు కుర్చీ లాగి కూర్చోబెట్టి "ఆయన పేరేమిటమ్మా, ఏం పని చేసేవారు?" అని అడిగేవారు. వాళ్లు పావుగంట చెప్పేవారు. వెనక వరుస పెరిగిపోతోందని నేను లోపల విసుక్కునేవాణ్ని. ఆ పావుగంట అయ్యాక వాళ్ల చెయ్యి వణక్కుండా సంతకం పెట్టేది, అదీ చూశాను. ఇవాళ ఆ కుర్చీలో మీరున్నారు. మీ పద్ధతిలోనే నేనూ నాన్నగారి గురించి చెబుతాను. నాకు ఆయనతో ఉన్న పరిచయం ఒకటిన్నర గంటే, అయినా ఉన్నదంతా చెబుతాను.

ఆ రోజు మీరు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. ఆయన రెండు బస్సులు మారి తెచ్చిచ్చారు. మీరేమో పైఅధికారి గదిలో ఉన్నారు. నా టేబుల్‌కు అవతలి వైపు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. విశ్రాంత ఉద్యోగులకు పంపాల్సిన సర్క్యులర్ నా ముందు ఉంది. అప్పటికే నలుగురం చదివి సంతకాలు పెట్టేశాం. ఆయన తన వైపు నుంచి, అంటే తలకిందులుగా, దాన్ని ఒక్క చూపు చూసి "బాబూ, ఒత్తు రాలిపోయింది" అన్నారు. నాకు అర్థం కాలేదు. పెన్సిల్ అడిగి తీసుకుని శీర్షిక కింద చిన్న గుర్తు పెట్టారు. 'విజ్ఞప్తి' అని ఉండాల్సిన చోట 'విజప్తి' అని ఉంది. టైపు చేసింది నేనే.

అప్పుడు చెప్పారు, ముప్ఫై నాలుగేళ్లు అచ్చాఫీసులో కంపోజిటర్‌గా పనిచేశానని. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయని, వాటిని స్టిక్కు అనే చేతిలో పట్టుకునే చిన్న లోహపు పట్టీలో తలకిందులుగానే పేర్చి తలకిందులుగానే చదువుకోవాలని, అందువల్ల తిన్నగా ఉన్న కాగితం కన్నా తలకిందులుగా ఉన్నదే తన కంటికి సులువని నవ్వారు. ఒత్తు చాలా చిన్న ముక్కట. వేళ్ల సందులోంచి జారి కింద పడితే దీపం పెట్టుకుని వెతకాలట. పొద్దస్తమానం నిలబడే పని కాబట్టి మోకాళ్లు అప్పుడే అరిగిపోయాయని కూడా అన్నారు, ఫిర్యాదులా కాదు, లెక్క చెబుతున్నట్టు. "మా అమ్మాయి ఫైలు రాస్తే తప్పు దొరకదు" అని మాత్రం కాస్త గొంతు పెంచే అన్నారు. అది మీకు చెప్పొద్దన్నారు. ఇన్నాళ్లూ చెప్పలేదు.

సాయంత్రం ఐదున్నరకు వచ్చే ఆయన ఫోను మా అందరికీ తెలుసు. "బయల్దేరావా అమ్మా?" "ఆ, బయల్దేరుతున్నా నాన్నా." ఎదురుగా మూడు ఫైళ్లు తెరిచే ఉండేవి. ఆరు దాటాక ఇంకోసారి మోగేది. మేం నవ్వేవాళ్లం. నిన్న ఐదున్నరకు ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఇద్దరు ముగ్గురం గడియారం చూశాం.

ఇంకొంచెం ముందే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉండాల్సిందని మీరు మళ్లీ మళ్లీ అంటున్నారని తమ్ముడుగారు చెప్పారు. వైద్యం సంగతి నాకు తెలియదు, దాని మీద మాట్లాడను. కళ్లారా చూసినవి మాత్రం చెప్పగలను. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో రాసిన కాగితం మడతలు చిరిగిపోయేదాకా మీ సంచిలోనే తిరిగింది. రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని పొద్దున పదింటికల్లా సీట్లో ఉండి "పర్లేదు, బాగానే ఉన్నారు" అన్నారు. నెలాఖరు బిల్లుల మధ్యలో లేచి వరండాలోకెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చారు. ఆయన ఒంటరిగా ఉన్న రోజు ఒక్కటి కూడా మాకు కనబడలేదు.

పని గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. మీ దగ్గరున్న పెండింగు ఫైళ్లు సగం నేను, సగం ఎదురు సీటావిడ తీసుకున్నాం. ఈ నెల రిటైరయ్యేవాళ్ల కాగితాలు వెళ్లిపోయాయి. సెలవు చీటీ ఇప్పుడే పంపక్కర్లేదు, వచ్చాక రాయవచ్చని పైఅధికారే స్వయంగా చెప్పారు. ఎప్పుడొస్తారని ఎవరూ అడగరు. వచ్చాక మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపోండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇది చదువుతున్న మిగతా మిత్రులకు ఒక మనవి. ఫైలు ఎక్కడుంది, పాస్‌వర్డు ఏమిటి అని అక్కకు దయచేసి ఫోన్ చెయ్యకండి, నన్ను అడగండి. ఇంటికి వెళ్లి పలకరించాలనుకునేవాళ్లు తమ్ముడుగారికి ముందుగా ఒక మెసేజ్ పెట్టి వెళ్లండి. అమ్మగారు ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు. వెళ్లాక "ధైర్యంగా ఉండండి" అని చెప్పడం కన్నా ఆయన గురించి అడిగితే మేలని నా ఉద్దేశం. చెప్పాలనిపిస్తే అక్కే చెబుతుంది, లేకపోతే కాసేపు ఊరికే కూర్చుని రండి.

అక్కా, ఆ సర్క్యులర్ సరిచేసి మళ్లీ టైపు చేసి పంపేశాం కదా, నాన్నగారు పెన్సిల్ గుర్తు పెట్టిన పాత ప్రతిని చించెయ్యలేదు. ఎందుకుంచానో నాకే తెలియదు, బహుశా నా తప్పు గుర్తుండాలని కాబోలు. ఇవాళ సొరుగులో వెతికితే దొరికింది. గుర్తు పక్కనే అంచున 'జ్ఞ' అని తన చేత్తో రాసి ఉంది, అచ్చులో పోసినంత గుండ్రంగా. ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా దగ్గర భద్రంగా ఉంచాను. మీరు ఎప్పుడడిగితే అప్పుడిస్తాను.

మీ పక్క సీటు తమ్ముడు