అమ్మ గొంతు, సైడ్ బి

రిటైరయ్యాక వచ్చిన మొదటి వేసవిలో అటక మీది రేకుపెట్టె దించాను. అందులో నలభై మూడు క్యాసెట్లు. మనవడు టేప్‌రికార్డర్‌ని వైరుతో కంప్యూటర్‌కి కలిపి, ఆడాసిటీలో రికార్డు చేయడం నేర్పాడు. అరవై నిమిషాల క్యాసెట్టుకి అరవై నిమిషాలూ కూర్చోవాల్సిందే. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పద్యాలు వల్లె వేయించినవాణ్ణి, ఆ ఓపిక నాకుంది.

పన్నెండోది బిగుసుకుపోయింది. పెన్సిల్ పెట్టి తిప్పితే కదిలింది గానీ, టేపుని హెడ్‌కి అదిమిపట్టే చిన్న మెత్త ఊడి ఒళ్ళో పడింది. తెగిపోయిన వేరే క్యాసెట్టులోంచి ఒకటి తీసి అతికించాను. అట్ట మీద నాన్న చేతిరాత: "1983, సంక్రాంతి".

ముందు గరగర. తర్వాత రోకటి పోటు. ఆ పోట్ల మధ్య అమ్మ, పెద్దత్తయ్య పాడుతున్న దంపుళ్ళ పాట! నాకు మొదటి చరణమే గుర్తుంది, ఇందులో ఏడున్నాయి. అమ్మ ఊపిరి తీసుకునే చోట అత్తయ్య అందుకుంటోంది. మధ్యలో నాన్న "కాస్త దగ్గరికి జరగండి" అనడం, అమ్మ నవ్వు. ఆ నవ్వు విని ఇరవై ఏళ్ళయింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను.

మూడు రోజులు ఆపి ఆపి వింటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అయిదో చరణంలో ఒక మాట అంతుపట్టలేదు. చెల్లికి ఫోన్ చేసి వినిపించాను.

"కుంచెడు, అన్నయ్యా! వడ్లు కొలిచే కుంచం. మన వసారాలో ఉండేది కదా!"

ఫోన్ పెట్టకుండానే అది ఆరో చరణం అందుకుంది. నేను అరచేత్తో బల్ల మీద పోటు వేశాను.