సంతకం పెట్టే ముందు: డబ్బు, గడువు, బయటపడే దారి

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర మూడేళ్లకు మడిగె అద్దెకు తీసుకోబోతున్న మా తమ్ముడి కోసం ఈ పట్టిక రాశాను. మడిగె అద్దెకైనా, గద్వాల వైపు విత్తన పత్తి ఒప్పందానికైనా, బత్తాయి తోట గుత్తకైనా అడగవలసిన ప్రశ్నలు ఇవే. కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, ఒకసారి మామూలుగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని, అనుమానం వచ్చిన చోట గుర్తు పెడుతూ చదవాలి. ఇంటికి ఇవ్వనంటే సంతకం వాయిదా వేయాలి.

మొదట చూడవలసినవి

☐ ఇరుపక్షాల పేర్లు, చిరునామాలు ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయా? మడిగె ఎవరి పేరున ఉందో వారే సంతకం పెడుతున్నారా? వారి తరఫున కొడుకో, అల్లుడో పెడుతుంటే, ఆ అధికారం ఇచ్చిన పత్రాన్ని అడిగి చూడాలి.

☐ "అనుబంధం ప్రకారం", "కంపెనీ నిబంధనల మేరకు" అన్న మాటలు ఉంటే, ఆ అనుబంధం, ఆ నిబంధనలు చేతిలో ఉన్నాయా? చూడని కాగితానికి కూడా మనం కట్టుబడిపోయేది ఇక్కడే.

డబ్బు

☐ ప్రతి మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా? అద్దె నెలకు 18,000, ఏటా 10 శాతం పెంపు అని ఉంటే రెండో ఏడు 19,800, మూడో ఏడు 21,780 అవుతుంది. ఈ లెక్కను కాగితం అంచునే వేసుకోవాలి. మూడో ఏటి అద్దెను ఆ వ్యాపారం మోయగలదా అన్నదే అసలు ప్రశ్న.

☐ అద్దె కాక ఇంకేమి కట్టాలి? కరెంటు, ఆస్తి పన్ను, జీఎస్‌టీ, మరమ్మతులు ఎవరివో విడివిడిగా రాసి ఉండాలి.

☐ అడ్వాన్సు తిరిగి ఎన్ని రోజుల్లో వస్తుంది, దేని కింద కోత పెట్టవచ్చు? "ఖాళీ చేసిన తర్వాత ఇవ్వబడును" అన్న వాక్యంలో తేదీ లేదు గనుక, "తాళం అప్పగించిన 15 రోజుల్లోగా" అని మార్పించాలి.

☐ ఆలస్యమైతే వడ్డీ ఎంత? నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది కానీ, అది నెలకు గనుక ఏడాదికి 24 శాతం.

☐ మనకు రావలసిన డబ్బు ఏ షరతు మీద ఆగి ఉంది? విత్తన పత్తి రైతుకు ఇదే ప్రాణం. విత్తనం పరీక్షలో నెగ్గిన తర్వాతే సొమ్ము అంటే, పరీక్ష ఎవరు చేస్తారు, ఫలితం ఏ తేదీలోగా చెబుతారు, ఫలితపు కాగితం రైతుకు ఇస్తారా, విఫలమైన విత్తనం ఎవరిది, కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర ముందు తీసుకున్న అప్పు ఏమవుతుంది అన్న అయిదింటికీ కాగితంలోనే జవాబు ఉండాలి. నోటిమాటగా "చూసుకుందాం లే" అన్నది జవాబు కాదు. బత్తాయి గుత్తలోనూ అంతే. తరుగు ఎంత తీస్తారు, తూకం ఎక్కడ వేస్తారు అన్నది లేకపోతే టన్ను ధర రాసి ప్రయోజనం లేదు.

గడువు

☐ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు? ఎవరూ ఏమీ అనకపోతే దానంతట అదే పొడిగింపబడుతుందా?

☐ రిజిస్ట్రేషన్ ఉందా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇలా మూడేళ్లకు రాసుకునే అద్దె పత్రాన్ని రిజిస్టర్ చేయించాలి. మూడేళ్లని రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే, ఆ మడిగె అద్దెను చట్టం సాధారణంగా నెలవారీ అద్దెగానే చూస్తుంది. 15 రోజుల నోటీసుతో ముగించే వీలుంటుంది. దుకాణంలో అల్మారాలకు లక్షలు పెట్టేవాడు ముందు చూడవలసింది ఇదే.

బయటపడే దారి

చాలామంది ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతారు. నేనైతే చదవడం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

☐ మధ్యలో వదిలేయాలంటే ఎన్ని నెలల నోటీసు? యజమానికి ఒక నెల, మనకు ఆరు నెలలు అని ఉంటే సమానం చేయమని అడగాలి.

☐ "లాక్-ఇన్" అన్న మాట ఉందా? ఉంటే, వదిలి వెళ్లకూడదని రాసుకున్న ఆ కాలంలో మడిగె మూసేసినా అద్దె కట్టవలసి రావచ్చు.

☐ ఒప్పందం తప్పితే జరిమానా ఎంత? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసిన మొత్తం కోర్టు ఇప్పించే పరిహారానికి పైహద్దు మాత్రమే. కోర్టు సమంజసమైనంతే ఇప్పిస్తుంది. అయినా అడ్వాన్సు ఎదుటివారి చేతిలో ఉంటుంది కాబట్టి, కోర్టుకు తిరగవలసింది మనమే.

☐ తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి? మిర్యాలగూడ మనిషి వేరే రాష్ట్రపు కోర్టుకు వెళ్లాలని రాసి ఉంటే, చిన్న మొత్తాల మీద హక్కు ఉన్నా లేనట్లే. మధ్యవర్తిని ఎదుటివారొక్కరే నియమిస్తారని ఉంటే అభ్యంతరం చెప్పాలి.

సంతకం రోజు

☐ ఖాళీ గీతలన్నీ కొట్టివేయించి, దిద్దుబాట్ల పక్కన ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి. ప్రతి పేజీ మీద సంతకం ఉండాలి. ఖాళీ స్టాంపు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద ఎంత దగ్గరివారు అడిగినా పెట్టవద్దు. అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇచ్చి, రెండు పక్షాల సంతకాలున్న ప్రతిని ఆ రోజే తీసుకోవాలి.

☐ పెన్సిల్ గుర్తులు మూడుకు మించితే, సంతకం ఆపి వకీలుకు చూపించాలి. ఫీజు భారమైతే 15100 నంబరుకు ఫోన్ చేసి, ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉందో లేదో కనుక్కోవచ్చు.