అమెరికా వీసా మాటలు: అక్కయ్య కోసం ఒక చిన్న నిఘంటువు

అక్కయ్యా, డాలస్‌లోని అమ్మాయి దగ్గరికి నువ్వూ బావగారూ వెళ్లడానికి పెట్టే దరఖాస్తులో, ప్రయాణంలో చెవిన పడే మాటలు ఇవి. అక్షర క్రమంలో కాకుండా నీకు ఎదురయ్యే వరుసలో రాశాను. ఇంగ్లీషు మాటను వినబడేట్టుగా తెలుగు లిపిలో పెట్టాను. పలికేది గుర్తుపడితే చాలు, స్పెల్లింగుతో నీకు పని లేదు.

సర్‌నేమ్, గివెన్ నేమ్. పాస్‌పోర్టులో పేరుకు ఉండే రెండు గళ్లు. సర్‌నేమ్ అంటే ఇంటిపేరు, గివెన్ నేమ్ అంటే నీ పేరు. మన ఆడవాళ్లకు చిక్కంతా ఇక్కడే. నీ పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు ఉంది, బడి సర్టిఫికెట్‌లో మన ఇంటిపేరు. అది తప్పు కాదు. వీసా ఫారంలో ‘ఇంతకు ముందు వేరే పేరు ఉందా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ ‘ఉంది’ అని పెట్టి పుట్టింటి ఇంటిపేరు రాయాలి. మిగతా అన్ని చోట్లా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. కొందరి పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలోనే ఉండి, రెండో గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారి వీసా మీద FNU అని అచ్చవుతుంది, ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. మీ ఇద్దరికీ ఆ బెడద లేదు.

ఈసీఆర్. పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టులో ఉండే గుర్తు. గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు కూలీనాలీకి వెళ్లేవారిని ఏజెంట్లు మోసం చేయకుండా మన ప్రభుత్వం పెట్టిన తనిఖీ అది. అమెరికా ఆ జాబితాలో లేదు. పైగా నీకు యాభై దాటాయి. ఎవరైనా భయపెడితే పట్టించుకోకు.

బీ1/బీ2. చుట్టపుచూపుగా వెళ్లేవారికి ఇచ్చే వీసా. బీ1 వ్యాపార పనులకు, బీ2 బంధువులను చూడటానికి, ఊళ్లు తిరగడానికి. రెండూ కలిపే ఇస్తారు. దీని మీద అక్కడ జీతానికి పనిచేయకూడదు.

డీఎస్-160. కంప్యూటర్‌లో నింపే దరఖాస్తు. ceac.state.gov అనే చోట ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో ఫారం, ఇంగ్లీషులోనే నింపాలి. అమ్మానాన్నల పేర్లు, అయిదేళ్లలో వెళ్లిన దేశాలు, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఖాతాలు కూడా అడుగుతారు. నింపేది నేనైనా జవాబులు నీవే. సంతకం కింద నొక్కే బొత్తానికి ‘ఇందులో ఉన్నదంతా నిజం’ అని అర్థం. అందుకే ప్రతి ప్రశ్న తెలుగులో చదివి వినిపించాకే ముందుకు వెళ్తాను. నువ్వు కూడా విసుక్కోకుండా వినాలి.

కన్ఫర్మేషన్ పేజీ. ఫారం పంపాక వచ్చే, ఫొటోతో, గీతల గుర్తుతో ఉన్న కాగితం. పాస్‌పోర్టు తర్వాత అంత జాగ్రత్తగా దాచాల్సింది ఇదే.

ఎమ్మార్వీ ఫీజు. వీసా రుసుము. ఒక్కొక్కరికి 185 డాలర్లు. వీసా ఇవ్వకపోయినా తిరిగి రాదు.

స్లాట్. వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు దొరికే తేదీ, వేళ. usvisascheduling.com లో తీసుకోవాలి. ‘స్లాట్ ఇప్పిస్తాం, పాస్‌వర్డ్ చెప్పండి’ అనేవారు బెంజి సర్కిల్ దగ్గరా ఉన్నారు, బ్రాడీపేటలోనూ ఉన్నారు. నీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు.

వ్యాక్, బయోమెట్రిక్స్. వేలిముద్రలూ ఫొటో తీసే చోటు వ్యాక్, ఆ తీయడం బయోమెట్రిక్స్. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉంది. అక్కడ ప్రశ్నలుండవు. గోరింటాకు మాత్రం ఆ పని అయ్యేదాకా పెట్టుకోవద్దు.

కాన్సులేట్. ఇంటర్వ్యూ జరిగే అమెరికా కార్యాలయం. 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. బేగంపేట అని చెప్పేవారిది పాత జ్ఞాపకం. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు.

ఇంటర్వ్యూ. అద్దానికి అవతల అధికారి, ఇవతల నిలబడి మీరిద్దరూ. తెలుగులో మాట్లాడతానంటే తెలుగులోనే జరుగుతుంది. ఎక్కువసార్లు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లకు, ఖర్చు ఎవరిది, ఇక్కడ మీరేం చేస్తారు, ఇలాంటివే అడుగుతారు. బావగారు ‘వ్యాపారం’ అని ఊరుకోకుండా ‘గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం’ అని చెప్పాలి. అడిగిందానికి జవాబు చెప్పి ఆగాలి. నేర్పించిన జవాబులు అప్పజెప్పవద్దు. అవి వినీ వినీ అలవాటైన చెవులు వాళ్లవి. ఫైలు నిండా కాగితాలు పెట్టుకో, అడిగితేనే ఇవ్వు.

214(బి). వీసా నిరాకరణకు ఎక్కువగా చెప్పే కారణం. వచ్చే ప్రతివాడూ అక్కడే ఉండిపోతాడని వాళ్ల చట్టం మొదటే అనుకుంటుంది. కాదని నమ్మించే బాధ్యత మనది. నమ్మకం కలగకపోతే ఈ అంకె ఉన్న కాగితం ఇస్తారు. దీనిపై అప్పీలు లేదు. మళ్లీ రుసుము కట్టి దరఖాస్తు పెట్టవచ్చు.

221(జి). ఇంకా తేల్చలేదని అర్థం. ఏదో కాగితం కావాలి, లేదా వాళ్లే పరిశీలించుకోవాలి. కంప్యూటర్‌లో చూస్తే దీనికి కూడా ‘రెఫ్యూజ్డ్’ అనే వస్తుంది. అది చూసి అమ్మాయికి అర్ధరాత్రి ఫోను చేయకు. చేతికిచ్చిన కాగితంలో ఏం అడిగారో ముందు నాకు చూపించు.

స్టాంపింగ్. మనవాళ్ల వాడుక మాట. నిజానికి ముద్ర కాదు, పాస్‌పోర్టు పేజీకి అంటించే వీసా. దాని మీద M అని ఉంటే గడువు లోపల ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు. మనవాళ్లకు సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. పదేళ్లు అక్కడ ఉండవచ్చని మాత్రం కాదు, కింది రెండు మాటలూ చూడు.

పోర్ట్ ఆఫ్ ఎంట్రీ. అమెరికాలో అడుగుపెట్టే విమానాశ్రయం. వీసా మనల్ని గుమ్మం దాకానే తీసుకెళ్తుంది, తలుపు తీసేది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి. అబుదాబి మీదుగా వెళ్లే విమానాల్లో చాలావాటికి ఈ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. పక్క గదిలో కూర్చోమంటే దాన్ని సెకండరీ అంటారు. అరెస్టు కాదు, మరికొన్ని ప్రశ్నలు. తెలుగు మనిషి కావాలని అడుగు.

ఐ-94. అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎప్పటిదాకా ఉండవచ్చో ఆ అధికారి నమోదు చేసే రికార్డు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. కాగితం చేతికి రాదు, అమ్మాయి కంప్యూటర్‌లో తీసి చూపించాలి. దిగిన మర్నాడే తీయించి, ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకో. వీసా మీది తేదీ వేరు, ఇది వేరు. తిరుగు టికెట్టు దీన్ని బట్టే.

ఓవర్‌స్టే. ఐ-94 తేదీ దాటి ఉండటం. ఒక్క రోజు దాటినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. నూట ఎనభై రోజులు మించితే, వెళ్లిపోయాక మూడేళ్లు రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్లు.

ఎక్స్‌టెన్షన్. గడువు పెంచమని, అది తీరకముందే పెట్టే దరఖాస్తు. ఫారం పేరు ఐ-539. సరైన కారణం ఉండాలి.

కస్టమ్స్, డిక్లేర్. సామాను తనిఖీ కస్టమ్స్. ‘నా దగ్గర ఈ తిండి ఉంది’ అని ముందే చెప్పడం డిక్లేర్ చేయడం. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారం చెప్పి తీసుకెళ్లు. మాంసం పచ్చళ్లు వద్దు. పచ్చి కరివేపాకు ఒక్క రెమ్మ కూడా వద్దు, నిమ్మ జాతి చెట్లకు దాని ద్వారా తెగులు పురుగు వస్తుందని నిషేధించారు. చెప్పకుండా దాచి దొరికితే జరిమానా.

స్టేటస్, హెచ్1బీ, గ్రీన్ కార్డు. అమ్మాయి ఫోన్లో మాట్లాడే మాటలు. స్టేటస్ అంటే ఆ దేశంలో ఉండటానికి ఉన్న చట్టబద్ధమైన హోదా. హెచ్1బీ కంపెనీ తరఫున ఇచ్చే ఉద్యోగపు వీసా, గ్రీన్ కార్డు శాశ్వత నివాస హక్కు. నీ ఫారంలో ‘మీ అమ్మాయి ఏ హోదాలో ఉంది’ అని అడుగుతారు, ఇంటర్వ్యూలోనూ అడగవచ్చు. ఆమెది హెచ్1బీ. గ్రీన్ కార్డుకు కంపెనీ దరఖాస్తు పెట్టింది గానీ ఇంకా రాలేదు, కాబట్టి ఉందని చెప్పకు.