సైన్స్ ఎగ్జిబిషన్ స్టాల్ చెక్‌లిస్టు: ఫ్లోరైడ్ నీళ్ల మోడల్, సాగర్ డ్యామ్ మోడల్

అందరూ ఇది పూర్తిగ చదవుండ్రి, సగం చదివి "ఓకే" అని పెట్టకండ్రి. ఎవరి పేరు పక్కన ఏముందో ఆ సామాను బుధవారం సాయంత్రం వరకు స్కూల్ ల్యాబ్‌ల ఉండాలె. గురువారం పొద్దుగాల ఏడింటికి చండూరు నుంచి ట్రాలీ ఆటో పోతది, మోడళ్లతోని ఇర్ఫాన్, నవీన్ అండ్ల కూసుంటరు, మిగిలినోళ్లం పీఎస్ సార్‌తోని బస్సుల వస్తం. నల్గొండల తొమ్మిదిన్నరకు రిజిస్ట్రేషన్, పదకొండుకు జడ్జిలు తిరుగుడు షురూ చేస్తరు అన్నరు, అంటే మనకు సర్దుకోనికి గంటన్నర కూడా ఉండదు.

మనకిచ్చేది ఒకటే టేబుల్, ఆరు ఫీట్ల పొడుగు, కరెంటు పాయింటు పక్క స్టాల్ వాళ్లతోని కలిపి ఒకటే. కాబట్టి ఒక స్టూలు మనమే తీస్కపోవాలె. ఎందుకంటే డ్యామ్ మోడల్‌ల కూలర్ పంపు తిరిగితే టేబుల్ సన్నగ అదురుతది, ఆ అదురుడుకు పక్కన జాడీల అడుగుకు దిగుతున్న పటిక తరకలు మల్ల పైకి లేస్తయి. పంపు, కింది టబ్బు రెండూ స్టూలు మీదనే, టేబుల్‌కు ఆనొద్దు. స్టూలు నవీన్.

మోడల్ 1: నల్గొండ పద్ధతిల ఫ్లోరైడ్ తీసుడు (శ్రావణి, మౌనిక)

- రెండు లీటర్ల ప్లాస్టిక్ జాడీలు నాలుగు, మూడు వాడనికి ఒకటి స్పేర్. గాజుయి ఒద్దు, ఫ్లోరైడ్ నీళ్లు ప్లాస్టిక్‌లనే పట్టాలని మేడం చెప్పిండ్రు, పైంగ ఆటోల గాజు ఆగదు.
- మర్రిగూడెం బోరు నీళ్లు పది లీటర్లు. శ్రావణి వాళ్ల పెద్దమ్మ ఊరికి ఆదివారం పోతుంది కదా, క్యాను ముందుగాల అదే బోరు నీళ్లతోని రెండు మూడు సార్లు కడిగి అప్పుడు పట్టాలె. క్యాను మీద ఊరు, తేదీ, బోరు ఎన్ని ఫీట్లో రాసిన చీటీ అంటించాలె, జడ్జి అడిగే మొదటి మాట అదే ఉంటది.
- మిషన్ భగీరథ నల్లా నీళ్లు రెండు లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు (బ్యాటరీ షాపుల దొరుకుతది). పోల్చి చూపెట్టనికి.
- పటిక ద్రావణం: లీటరు నీళ్లల్ల 20 గ్రాముల పటిక. సున్నం నీళ్లు: లీటరుకు 1 గ్రాము. సున్నం పటికల ఇరవయ్యో వంతు ఉండాలె కాబట్టి ఈ రెండు సీసాల్లకెళ్లి సమానంగ పోస్తే లెక్క దానంతట అదే కుదురుతది, అక్కడ త్రాసు పెట్టుకొని కూసునే పని లేదు. మన జాడీకి 50 మిల్లీలీటర్లు ఇది, 50 అది. సున్నం సీసా పోసే ముందు మంచిగ ఊపాలె.
- బ్లీచింగ్ పౌడర్ చిటికెడు, గట్టి మూత ఉన్న చిన్న డబ్బీల. పటిక డబ్బీ, బ్లీచింగ్ డబ్బీ ఒకే సంచిల పెట్టకండ్రి.
- ఫ్లోరైడ్ టెస్ట్ కిట్టు, రంగుల కార్డు, డ్రాపర్లు. కిట్టు ల్యాబ్‌ది, మేడం సంతకం పెట్టించుకొని ఇస్తరు. అండ్ల మందు యాసిడ్ ఉన్నది, దాన్ని మౌనిక తప్ప ఎవరూ ముట్టొద్దు, చూడనికొచ్చిన చిన్న పిల్లల చేతికి అస్సలు ఇయ్యొద్దు.
- వడపోతకు నూలుగుడ్డ, ఫిల్టర్ పేపర్ ఒక ప్యాకెట్టు, గరాటు రెండు.

వరస యాదుంచుకోండ్రి: ముందుగాల సున్నం, బ్లీచింగ్ వేసి కలపాలె, తర్వాత పటిక పోసి పది నిమిషాలు నెమ్మదిగ తిప్పాలె, తర్వాత గంట సేపు కదిలియ్యకుండ పెట్టాలె. గంట సేపు ఏ జడ్జి నిలబడడు. అందుకే మూడు జాడీలు మూడు దశల్ల ఉండాలె, ఒకటి పది గంటలకే కలిపి తేరుకున్నది, ఒకటి పదిన్నర దాటినంక కలిపి తరకలు సగం దిగినది, మూడోది జడ్జి ముందర కలిపేది. తరకలు తెల్లగుంటయి, వెనక తెల్ల గోడ ఉంటే ఏం కనబడదు, జాడీల వెనక నల్ల చార్టు నిలబెట్టాలె. నల్ల చార్టు మర్చిపోతే మోడల్ సగం పోయినట్టే, మౌనిక ఇది నీ పేరు మీదనే రాస్తున్న.

తేరిన నీళ్లు చూసి ఎవరన్న "తాగి చూపియ్యి" అంటే తాగొద్దు, నవ్వి తప్పించుకోండ్రి. ఇది స్టాల్ మీద చేసిన నీళ్లు.

మోడల్ 2: సాగర్ డ్యామ్, పవర్ హౌస్ (ఇర్ఫాన్, నవీన్)

సన్‌బోర్డు డ్యామ్, పై టబ్బు, కింది టబ్బు, సీడీకి ప్లాస్టిక్ చెంచాలు అంటించిన చక్రం, డీసీ మోటారు, ఎల్‌ఈడీ బోర్డు, కూలర్ పంపు, రెండు మీటర్ల పైపు. గేట్ల దారాలు విడిగ కవర్ల చుట్టి పెట్టుండ్రి, ఆటోల చిక్కుపడితే విప్పనికే అరగంట పోతది.

సాగర్‌కు 26 క్రెస్టు గేట్లు, మన మోడల్‌కు ఆరే ఉన్నయి. ఆ సంగతి చిన్న చీటీ మీద మనమే రాసి డ్యామ్ పక్కన పెట్టాలె, "అసలు గేట్లు 26, మోడల్‌ల 6 చూపించినం" అని. లేకుంటే లెక్కపెట్టి తప్పు రాసుకుంటరు. నిండు నీటిమట్టం 590 అడుగులు అని కూడా అదే చీటీల.

ఎల్‌ఈడీలు ఎర్రయే తేవాలె, తెల్లయి ఒద్దు. ఎర్రదానికి రెండు ఓల్టులకు అటుఇటు చాలు, తెల్లదానికి మూడు దాక కావాలె, మన చక్రం తిరిగే స్పీడుకు అంత రాదు. మోటారు ఉల్టా తిరిగితే ఎల్‌ఈడీ అసలు వెలగది, అప్పుడు మోడల్ ఖరాబైందని అన్నీ పీకేయకుండ ముందుగాల రెండు వైర్లు అటుదిటు మార్చి చూడుండ్రి.

స్పేర్ సామాను డబ్బా

పెద్ద టిఫిన్ డబ్బా ఒకటి ఖాళీగ ఇస్త, అన్నీ అండ్లనే. ఇది ఎవరూ ఇంటికి తీస్కపోవద్దు, టేబుల్ కిందనే ఉండాలె, తాళం లేదు కాబట్టి మన తమ్ముడు ఎనిమిదో క్లాసు సాయి దాని పక్కనే కూసుంటడు.

- డీసీ మోటార్లు రెండు (వైర్లు ముందే సోల్డర్ చేసి పెట్టాలె, ఎగ్జిబిషన్ హాల్‌ల సోల్డరింగ్ ఐరన్ పెట్టనియ్యరు)
- ఎర్ర ఎల్‌ఈడీలు పది
- కూలర్ పంపు ఒకటి. పంపు పోతే మోడల్ మొత్తం ఆగిపోతది, మిగిలినవి లేకున్న నడుపుకోవచ్చు గని ఇది లేకుంటే నడవదు. ఇర్ఫాన్ వాళ్ల ఇంట్ల కూలర్ ఇప్పుడు వాడుతలేరు కదా, నాన్నను అడిగి అది విప్పుకొని రా
- ఎమ్‌సీల్ రెండు ప్యాకెట్లు, టబ్బు కారితే. తడి మీద సరిగ పట్టది, ముందు గుడ్డతోని తుడిచి ఆరబెట్టాలె
- ఇన్సులేషన్ టేపు, డబుల్ సైడ్ టేపు, సెల్లో టేపు, మూడూ వేరే వేరే పనికి, ఒకటి తెచ్చి మూడు అనకండ్రి
- ఫెవికాల్. ఫెవిక్విక్ తెస్తే తెండ్రి గని థర్మకోల్ దగ్గరికి పోనియ్యకండ్రి, థర్మకోల్‌ను అది తినేస్తది, పెద్ద రంధ్రం పడతది
- టెస్టర్, స్క్రూడ్రైవర్, కత్తెర, కట్టర్, మల్టీమీటర్ (సార్‌ది, పేరు రాసి ఉన్నది)
- ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, త్రీపిన్ నుంచి టూపిన్ మార్చేది ఒకటి
- పైపు క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, దారం ఉండ, గుండుసూదులు, స్కెచ్ పెన్నులు
- పాత గుడ్డలు నాలుగు, ఒక బకెటు, చిన్న మగ్గు

ఎక్స్‌టెన్షన్ బోర్డు కింద నేల మీద పెట్టొద్దు. నీళ్ల మోడల్ ఇది, టేబుల్ కాలుకు నీళ్ల టబ్బు కంటే ఎత్తుల టేపుతోని కట్టుండ్రి. తడి చేతితోని ప్లగ్గు పీకుడు ఒద్దు, స్విచ్చి బంద్ చేసి చెయ్యి తుడుసుకొని తీయాలె.

చార్టులు (మౌనిక అక్షరం, నవీన్ బొమ్మలు)

నాలుగే చార్టులు. ఇంకా రెండు రాద్దాం అని మొన్న అనుకున్నరు గని ఒద్దు, గోడ మీద జాగ లేదు, ఎవరూ చదవరు.

మొదటిది మన జిల్లా మ్యాపు, మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాలు రంగుతోని. గ్రానైటు రాళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ ఖనిజాలు కరిగి బోరు నీళ్లల్లకు ఎట్ల వస్తయో పక్కన చిన్న బొమ్మ. రెండోది పద్ధతి మెట్లు, పైన "నల్గొండ టెక్నిక్, నాగపూర్‌ల నీరీ సంస్థ తయారుచేసింది" అని ఉండాలె. దాని కింద బీఐఎస్ లెక్క: ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాక ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాక. ఈ రెండు నంబర్లు కలగాపులగం చేయకండ్రి. మూడోది డ్యామ్ అడ్డకోత బొమ్మ, శంకుస్థాపన 1955 డిసెంబరు 10, నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4, మెయిన్ పవర్ హౌస్ 815.6 మెగావాట్లు. నాలుగోది పళ్ల ఫ్లోరోసిస్, ఎముకల ఫ్లోరోసిస్ గురించి, బొమ్మలు గీసినవే. మన ఊర్లల్ల మనుషుల ఫొటోలు తీసి పెట్టొద్దు, వాళ్లు మన చుట్టాలే అయి ఉంటరు, వాళ్ల కాళ్లు చూపెట్టి మార్కులు తెచ్చుకునుడు నాకు నచ్చదు, సార్ కూడా అదే అన్నరు.

అక్షరాలు టేబుల్ అవతల నిలబడ్డా కనబడాలె. చార్టులు పైపుల చుట్టి రబ్బరు వేసి తేవాలె, మడత పెట్టొద్దు. అంటించే ముందు చేతులు కడుక్కోవాలె, నూనె చేతులతోని ముట్టొద్దు, సకినాలు తిన్నంక ముఖ్యంగ.

జడ్జిలు అడిగేవి, నోటికి రావాలె

కాగితం చూసి చదవద్దు. ఇవి అందరికీ రావాలె, "అది నా మోడల్ కాదు" అంటే కుదరది.

- నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోతదా? పోదు, నీళ్లు ఆవిరై తగ్గుతయి, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, కాబట్టి ఇంకింత చిక్కగైతది.
- పటిక వేస్తే నీళ్లల్ల అల్యూమినియం మిగలదా? మిగలొచ్చు, ఈ పద్ధతికి ఉన్న పెద్ద తక్కువ అదే, అందుకే మోతాదు చూసి వేయాలె. బీఐఎస్ హద్దు లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, తప్పనిసరైతే 0.2. అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలన్నది కూడా సమస్యే. ఇవి దాచకుండ చెప్పుండ్రి, లోపం ఒప్పుకున్న టీమ్‌ను జడ్జిలు ఇంకో ప్రశ్న అడగరు అనుకోకండ్రి, అడుగుతరు, గని మంచి ప్రశ్న అడుగుతరు.
- మోతాదు అందరికీ ఒకటేనా? కాదు, ఫ్లోరైడ్ ఎంతుంది, నీళ్ల క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి మారుతది.
- పంపుకు కరెంటు పెట్టి, ఎల్‌ఈడీ వెలిగించి కరెంటు పుట్టిందంటారా? ఇర్ఫాన్ ఇది నీకే పడతది. పంపు ఇక్కడ కృష్ణా నది పని చేస్తుంది, నీళ్లు పైకి తెచ్చేందుకే, ఎల్‌ఈడీకి వచ్చే కరెంటు పంపు తాగేదానికంటే మస్తు తక్కువ అని నువ్వే ముందు చెప్పాలె. అట్నే సాగర్‌ల ఎనిమిది యూనిట్లల్ల ఏడు ఉల్టా కూడా తిరుగుతయి, కరెంటు వాడకం తక్కువున్నప్పుడు కింది నీళ్లను మల్ల రిజర్వాయర్‌కు ఎత్తిపోస్తయి, ఎక్కువ కావాల్సినప్పుడు వదులుతయి. ఎత్తనికి పట్టే కరెంటు మల్ల వచ్చేదానికంటే ఎక్కువే, అవసరమైన టైముకు దొరుకుతదనే లాభం.

గురువారం పొద్దుగాల

ఐడీ కార్డులు, రిజిస్ట్రేషన్ కాగితం రెండు జిరాక్సులు, యూనిఫాం. టిఫిన్ బాక్సులు, తాగే నీళ్లు విడిగ, బాటిల్ మీద "తాగేవి" అని రాసి ఉండాలె, శాంపిల్ నీళ్లతోని కలపొద్దు. బోరు నీళ్ల క్యాను బస్సుల నేను పట్టుకుంట. సన్‌బోర్డు డ్యామ్ చుట్టూ దుప్పటి కట్టాలె, తోవల గాలికి ఎగురుతది. పంపు, మోటారు బుధవారం రాత్రి ఒకసారి నడిపి చూసి వీడియో గ్రూపుల పెట్టాలె, ఇర్ఫాన్.

సాయంత్రం విప్పేటప్పుడు పటిక మడ్డి అక్కడి సింకుల పోయకండ్రి, క్యానుల పోసుకొని తెద్దాం, మేడం చూసుకుంటరు. కిట్టు మౌనిక చేతికే, మల్టీమీటర్ సార్ చేతికే. స్టూలు మర్చిపోతే నవీన్ వాళ్ల నాయనమ్మ ఊకోదు.