రాగిమానుపల్లి మహిళా సంఘాల అర్జీ

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

బెళుగుప్ప మండలం రాగిమానుపల్లి పొదుపు సంఘాల మహిళలం నమస్కరించి రాసుకుంటున్న అర్జీ.

అంశం 1: తాగునీరు

మా ఊరికి రెండు బోర్లే ఆధారం. రెండింటిలోనూ ఫ్లోరైడ్ ఉంది. బడి దగ్గరి బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే లీటరుకు 2.6 మిల్లీగ్రాములని వచ్చింది. తాగే నీళ్ళలో 1.5 దాటకూడదని ప్రమాణం. బడికి పోయే పిల్లల పండ్ల మీద పసుపు చారలు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తున్నాయి. ఒకసారి ఆ మచ్చ పడితే తోమితే పోదు. వేరుశనగ పీకే పనికి వంగలేకపోతున్నామని నలభై దాటిన ఆడవాళ్ళే చెబుతున్నారు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులకు నీళ్ళే కారణమో కాదో డాక్టర్లే చూసి చెప్పాలి.

నీళ్ళు కాచి తాగమని కొందరు సలహా ఇస్తారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరు ఇంకా లోతుకు దింపినా లాభం ఉంటుందన్న నమ్మకం లేదు, అది రాతిలోంచే నీళ్ళలో కలిసేది. కొనగలిగినవాళ్ళు క్యాన్ నీళ్ళు తెచ్చుకుంటున్నారు. కూలికి పోతే తప్ప పూట గడవని ఇళ్ళలో పిల్లలు బోరు నీళ్ళే తాగుతున్నారు. మా బాధంతా ఆ పిల్లల గురించే.

ఇదే జిల్లాలో 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందల ఊళ్ళకు నీళ్ళు అందాయి. అలా బయటినుంచి పైపులో వచ్చే మంచినీళ్ళు మా ఊరికీ ఇప్పించండి. అది పూర్తయ్యేదాకా రోజూ ఒక ట్యాంకర్ పంపండి. అన్నిటికంటే ముందు బడికి, అంగన్‌వాడీకి మంచినీళ్ళు ఏర్పాటు చేయండి. పెద్దవాళ్ళం కొన్నాళ్ళు ఓర్చుకుంటాం.

అంశం 2: రోడ్డు – ఏమీ రాయలేదు.

అంశం 3: వీధి దీపాలు – ఏమీ రాయలేదు.

అంశం 4: పింఛన్లు – ఏమీ రాయలేదు.

అంశం 5: ఇళ్ళ స్థలాలు – ఏమీ రాయలేదు.

మరచిపోయి వదిలేసినవి కావు ఇవి. కాలనీ రోడ్డు వానొస్తే బురదే, దీపాలూ సరిగా లేవు. అన్నీ కలిపి రాస్తే నీళ్ళ సంగతి పదింట్లో ఒకటవుతుందని సంఘం సమావేశంలో చాలాసేపు మాట్లాడుకున్నాం. పింఛను రాని ఇద్దరు అవ్వలే ముందుగా, "మాది తర్వాత రాయండి, పిల్లోళ్ళ నీళ్ళ గురించి ఒక్కటే రాయండమ్మా" అన్నారు. వాళ్ళు ఆ మాట అన్నాక మిగతావాళ్ళం మా మా కోరికలు పక్కన పెట్టేశాం. కాబట్టి దయచేసి ఈ అర్జీని తాగునీటి అర్జీగానే నమోదు చేయించండి.

నీళ్ళ శాంపిల్ తీసుకోవడానికి మీ సిబ్బంది వస్తే పొద్దున ఎనిమిది లోపు రమ్మనండి, ఆ తర్వాత అందరం చేన్లకు పోతాం. రెండు బోర్లూ మేమే దగ్గరుండి చూపిస్తాం. పరీక్ష రిపోర్టు నకలు, సంతకాలూ వేలిముద్రలూ ఉన్న కాగితాలు దీనికి జత చేశాం.

ఇట్లు,
రాగిమానుపల్లి పొదుపు సంఘాల మహిళలు