లక్ష్మి పెద్దమ్మ ఆదాయం సర్టిఫికెట్ ఫారం: ఏ గడి నింపిన, ఏది ఆపిన

నరేశ్ తమ్మీ, నువ్వు పంపిన ఫారం ఫోటో, ఆధార్, రేషన్ కార్డు ఫోటోలు, మెసేజ్‌ల రాసిన వివరాలు పక్కపక్కన పెట్టుకొని చూసిన. ఆధారం దొరికిన గడులు నింపిన, దొరకనివి ముట్టుకోలే. పెద్దమ్మకు ఒకసారి చదివి వినిపియ్యి. సంతకం మాత్రం ఇప్పుడే పెట్టియ్యకు.

నింపినవి ఇవి:

గడి 1, దరఖాస్తుదారు పేరు: బండారి లక్ష్మి
గడి 2, భర్త పేరు: బండారి కొమురయ్య
గడి 3: స్త్రీ
గడి 5, ఆధార్ నంబరు: కార్డు మీది 12 అంకెలు ఫారంల ఎక్కించిన. వాట్సాప్‌ల తిరగొద్దని ఇక్కడ రాస్తలేను.
గడి 6, ఇంటి నంబరు: 3-41
గడి 7, గ్రామం: నడికూడ
గడి 8, మండలం: నడికూడ
గడి 9, జిల్లా: హనుమకొండ
గడి 14, ఎందుకోసం: బిడ్డ డిగ్రీ స్కాలర్‌షిప్

పేరు సంగతి. ఆధార్‌ల లక్ష్మి, రేషన్ కార్డుల లక్ష్మమ్మ అని ఉన్నది. ఆధార్ నంబరు ఇచ్చే ఫారం కాబట్టి ఆధార్‌ల ఉన్న పేరే అక్షరం మార్చకుండ రాసిన. రెండూ కలిపి రాస్తే రెండు కాయితాలతోనూ కలవదు. గిర్దావర్ అడిగితే ఇద్దరూ ఒక్కరే అని పెద్దమ్మే చెప్పాలె.

జిల్లా చూసి నువ్వు పరేషాన్ కావద్దు. ఆధార్ కార్డు పాతది, దాని మీద పరకాల మండలం, వరంగల్ జిల్లా అని ఉన్నది. 2016ల జిల్లాలు విడిపోయినప్పుడు పరకాల దిక్కు వరంగల్ రూరల్‌లకు పోయింది, 2021ల హనుమకొండ జిల్లాల కలిసింది. నడికూడ ఇప్పుడు సొంతంగ మండలం. ఊరు పేరు నువ్వే ఇచ్చినవ్, మండలం, జిల్లా సర్కారు రికార్డుల ఉన్నయే కాబట్టి ఇది అంచనా కాదు. ఆధార్ ఫోటోకాపీ మీద మాత్రం పాత జిల్లానే ఉంటది, కౌంటర్‌ల అడిగితే గిదే మాట చెప్పు.

ఇగ ఆపినవి.

గడి 4, పుట్టిన తేదీ. ఆధార్ మీద పుట్టిన సంవత్సరం 1979 అని ఒక్కటే ఉన్నది, తేదీ లేదు, నెల లేదు. ఇసొంటి కార్డులకు చాన మంది 01-01 అని కొట్టేస్తరు. రేపు బ్యాంకుల, పింఛన్‌ల ఇంకో తేదీ ఉంటే రెండింటికీ పొంతన కుదరక మళ్ల కొత్త కాయితాలు అడుగుతరు. బడి టీసీ ఉంటే అందుల తేదీ చూడు. ఏదీ లేకపోతే సంవత్సరం ఒక్కటే రాస్తే తీసుకుంటరా అని కౌంటర్‌ల అడుగుదాం. వయసు గడి కూడ దీనితోనే ఆగింది, తేదీ లేకుండ లెక్క ఒక ఏడు అటో ఇటో తప్పుతది.

గడి 10, పిన్ కోడ్. ఫోటోల కార్డు మీద నీ బొటనవేలు పడ్డది, 506 దాకనే కనిపిస్తున్నది. మొదటి మూడంకెలు ఈ చుట్టుపక్కల ఊర్లు చాన వాటికి ఒక్కటే, తేడా అంతా చివరి మూడిట్ల. పరకాల పిన్ తీసి వేసుడు సరికాదు, ఊరికి ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి వస్తయో దాని పిన్ కావాలె.

గడి 11, రేషన్ కార్డు నంబరు. ఏడో అంకె 3నో 8నో తెలుస్తలేదు, లామినేషన్ మీద లైటు మెరిసింది. ఒక్క అంకె తేడా ఉన్నా అది ఇంకొకరి కార్డు నంబరు అయితది. ఆ అంకె ఒక్కటి ఫోన్ల చెప్పకు, మొత్తం నంబరు టైప్ చేసి పంపు, ఫోటోతో సరిచూస్త.

గడి 12, మొబైల్. రెండు నంబర్లు పంపినవ్, ఆధార్‌కు లింకయింది ఏదో చెప్పలే. దరఖాస్తు మెసేజ్‌లు ఈ నంబరుకే వస్తయి. మీ ఇంట్ల ఎవరి చేతిల ఉండే ఫోనో అది కావాలె, నాది రాయ.

గడి 13, ఆదాయం. అసలు పని ఇక్కడ ఉన్నది. నువ్వు పంపింది "రెండెకరాల పత్తి, కూలి" అని ఒక్క ముక్క. ఫారంల మాత్రం భూమి, కూలి, వ్యాపారం, ఇంటి కిరాయి, ఇతర అని ఐదు గడులు, కింద మొత్తం. "స్కాలర్‌షిప్ వచ్చేటట్టు ఎంతో కొంత రాయన్నా" అన్నవ్, అది రాయలే. బీసీ పిల్లలకు పల్లెల్ల ఏడాదికి 1,50,000, పట్నంల 2,00,000 హద్దు అన్నది నిజమే. కానీ ఆ హద్దు చూసుకొని ఆదాయం రాస్తే, కింద "పై వివరాలు నిజమని ధృవీకరిస్తున్నాను" అన్న దగ్గర సంతకం పెట్టేది పెద్దమ్మ. విచారణకు వచ్చినప్పుడు లెక్క అడిగితే జవాబు చెప్పాల్సింది గూడ ఆమెనే.

లెక్క తీసుడు కష్టమేం కాదు. పత్తి మార్కెట్ల అమ్మి ఉంటే తక్‌పట్టీల క్వింటాళ్లు, ధర ఉంటయ్. సీసీఐకి పోసి ఉంటే పైసలు అకౌంట్ల పడ్డయి, పాస్‌బుక్ ఎంట్రీ కొట్టించు. విత్తనాలు, మందులు, ఏరిన కూలి ఖర్చు పెద్దమ్మను అడిగి వేరే కాయితం మీద రాసుకో. భూమి ఆదాయం ఖర్చు తీసేసి రాయాల్నా, తీయకుండనా అన్నది ఫారం వెనుక సూచనలల్ల ఉన్నదేమో చూడాలె, ఆ వైపు ఫోటో ఇంకా నాకు రాలే. ఉపాధి హామీ పనికి పోతే జాబ్ కార్డు, పాస్‌బుక్ చాలు. బయటి కూలికి రసీదు ఉండదు, ఏడాదిల ఎన్ని రోజులు, రోజుకు ఎంత అన్నది ఆమె నోటితోనే చెప్పియ్యి. వేరే వాళ్ల ఇంటి లెక్క తెచ్చి ఇక్కడ పెట్టకు.

వ్యాపారం, కిరాయి గడులల్ల సున్న గూడ పెట్టలే. నువ్వు వాటి గురించి ఏం చెప్పలే, అంతే. లేదు అని చెప్పుడు వేరు, చెప్పకపోవుడు వేరు. ఇంటి ముందట చిన్న కిరాణం ఉన్నా అది వ్యాపారమే. లేకపోతే "లేదు" అని మెసేజ్ పెట్టు, అప్పుడు సున్న పెడ్త.

గడి 15ల ప్రశ్ననే సగం తెగింది, "...నంబరు" అన్నది ఒక్కటే కనిపిస్తున్నది. బ్యాంకు ఖాతాదో, జాబ్ కార్డుదో, ఏదైనా కావొచ్చు. ప్రశ్న చూడకుండ జవాబు రాసేది లేదు.

ఇంకో మాట, కొంచెం బాధగ ఉంటది గానీ అడగాలె. భర్త పేరు ఇచ్చినవ్, ఆయన ఉన్నడా లేడా చెప్పలే. పేరు ముందట కీ.శే. రాయలే. ఉంటే, సర్టిఫికెట్ తండ్రి పేరు మీద కావాల్నా తల్లి పేరు మీద చాలా అని బిడ్డతోని కాలేజీల అడిగించు. తండ్రి పేరు మీద అంటే ఈ ఫారం మొత్తం మారుతది.

తేదీ, స్థలం, సంతకం ఆమె ముందట కూసొని పెట్టే రోజు నింపాలె.

మళ్ల ఫోటో తీసేటప్పుడు ఫారంను బండ మీద పరిచి, పగటి వెలుగుల, ఫ్లాష్ లేకుండ, నిలువునా పైనుంచి తియ్యి. నాలుగు మూలలూ రావాలె. కింద "పేజీ తిప్పండి" అని ఉన్నది, వెనుక వైపు గూడ కావాలె. వాట్సాప్‌ల ఫోటోగ పంపితే అక్షరాలు అలుక్కుపోతయ్, డాక్యుమెంట్‌గ పంపు. అసలు ఫారం మీద పెన్ను పెట్టకు, కొట్టివేతలు ఉంటే కౌంటర్‌ల తిప్పి పంపుతరు. ఒక జిరాక్స్ తీసి ఉంచు.

ముందుగాల రేషన్ నంబరు, పిన్ పంపు, అవి ఐదు నిమిషాల పని. పాస్‌బుక్, తక్‌పట్టీ దొరికినంక ఆదాయం గడి మీద కూసుందాం.